ఒక్క వాక్యంలో ఇరుక్కున్న అర్హత

టెండరు పుస్తకంలో అన్నిటికంటే ఎక్కువ గొడవలు పుట్టేది అర్హత నిబంధన దగ్గరే. సాధారణంగా అది ఇలా ఉంటుంది: 'గత ఏడేళ్లలో అంచనా విలువలో 40 శాతానికి తగ్గని మూడు, లేదా 50 శాతానికి తగ్గని రెండు, లేదా 80 శాతానికి తగ్గని, లిఫ్టుతో కూడిన ఒక భవనాన్ని సంతృప్తికరంగా పూర్తిచేసి, అందుకు ధ్రువపత్రం జతచేసిన కాంట్రాక్టరు మాత్రమే అర్హుడు.'

ఈ 40-50-80 లెక్క కేంద్ర విజిలెన్స్ కమిషన్ 2002 డిసెంబరులో ఇచ్చిన సర్క్యులర్‌లో ఉంది. అక్కడ మూడు ప్రత్యామ్నాయాలూ విడివిడిగానే ఉంటాయి. టెండరు రాసేవాళ్లు తమ అవసరాలు ఒక్కొక్కటే దూర్చేకొద్దీ అది ఊపిరాడని వాక్యమవుతుంది.

విడదీయడానికి కూర్చున్నవాళ్లు మొదట చేసే పని ప్రతి షరతునూ ఒక వరుసలో రాసి నంబరు వేయడం. ఎవరు, ఏం చేసి ఉండాలి, ఎప్పటిలోగా, దానికి రుజువు ఏమిటి అన్నవి నాలుగు గడులు. పక్కన మూల నిబంధన సంఖ్య తప్పకుండా ఉండాలి. ఇక్కడే తొందరపడితే చెడుతుంది. మూడు పనుల షరతు, రెండు పనుల షరతు, ఒక పని షరతు మూడు వరుసలైపోయి, పరిశీలించే గుమస్తా మూడింటికీ టిక్కు అడిగితే అర్హులు కూడా బయటికి పోతారు. అందుకే పైన ఒక తల్లి వరుస పెట్టి, 'కింది మూడింటిలో ఏదో ఒకటి చాలు' అని రాయాలి. కోయడం సులువే, ఆ 'లేదా'ను చెక్కుచెదరకుండా కాపాడుకోవడమే అసలు నేర్పు.

తర్వాత లిఫ్టు. అది ఒక పని చూపినవాడికేనా, మూడు పనులు చూపినవాడికి కూడానా? కూడా అయితే మూడు భవనాలకూ ఉండాలా, ఒక్కదానికి ఉంటే చాలా? వాక్యం మూడు అర్థాలకూ చోటిస్తోంది. 'సంతృప్తికరంగా' అన్నది మరీ అన్యాయం, దాన్ని ఎవరూ కొలవలేరు. 'ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు హోదాకు తగ్గని అధికారి సంతకం చేసిన పూర్తి ధ్రువపత్రం' అని రాస్తే కాగితం ఉందో లేదో చూస్తే సరిపోతుంది. 'గత ఏడేళ్లు' కూడా ఎప్పటి నుంచి వెనక్కి అన్నది తేలాలి. ఆ సర్క్యులర్ ప్రకారం దరఖాస్తులు పిలిచిన నెలకు ముందు నెల చివరి తేదీతో ఏడేళ్లు ముగుస్తాయి. 2024 జూన్ 18న పిలిస్తే, 2017 జూన్ 1 నుంచి 2024 మే 31 వరకు. 2017 మే 31న పూర్తయిన పని లెక్కలోకి రాదు.

విడదీసింది సరిగ్గా ఉందో లేదో తెలుసుకోవడానికి నాకు తెలిసిన మంచి దారి, అంచున నిలబడే కాంట్రాక్టర్లను ఊహించుకోవడం. అంచనా విలువ 2 కోట్లు అనుకుందాం. అప్పుడు హద్దులు 80 లక్షలు, కోటి, కోటీ 60 లక్షలు. ఒకాయన 81, 82, 85 లక్షల పనులు మూడు చూపాడు, అర్హుడే. ఇంకొకాయన 95 లక్షలది ఒకటి, కోటీ 40 లక్షలది ఒకటి చూపాడు. మొత్తం 2 కోట్ల 35 లక్షలు, అంచనాను మించిపోయింది. అయినా ఏ హద్దులోనూ పడడు. మూడో పని లేదు, రెండింటిలో ఒకటి కోటికి తక్కువ, పెద్దది కోటీ 60 లక్షలకు చేరదు. వినడానికి విడ్డూరంగా ఉన్నా, అక్షరాలా లెక్క అంతే.

ఇప్పుడు అదే టెండరులో ఎక్కడో ఇరవై పేజీల తర్వాత ఇంకో వాక్యం ఉందనుకోండి. పాత పనుల విలువను ఏటా 7 శాతం సాధారణ రేటున పెంచి నేటి ధరకు తేవాలని. కేంద్ర ప్రజా పనుల శాఖ టెండర్లలో ఇది మామూలే. 95 లక్షల పని సరిగ్గా ఏడాది క్రితం పూర్తయితే ఇప్పుడు దాని విలువ కోటీ లక్షా 65 వేలు. రెండో ఆయన అర్హుడైపోయాడు. కాబట్టి ఆ 7 శాతం మాటను తల్లి వరుస పక్కనే రాసుకోవాలి, ఏ తేదీ వరకు పెంచాలో కూడా. లేకపోతే ఇద్దరు పరిశీలకులు ఒకే ఫైలుకు రెండు ఫలితాలు రాస్తారు.

ఇంత చేసినా లిఫ్టు ప్రశ్న మిగిలే ఉంటుంది. టెండరు రాసింది మనమే కాకపోతే, మనకు నచ్చిన అర్థం ఎంచుకుని వరుస పూర్తిచేయడం ప్రమాదం. ప్రీ-బిడ్ సమావేశానికి ముందే రాతపూర్వకంగా అడగాలి, అదీ 'వివరించగలరు' అని కాకుండా అవును, కాదు అని జవాబొచ్చేలా: 'మూడు పనుల ప్రత్యామ్నాయం ఎంచుకున్న బిడ్డర్‌కు లిఫ్టు ఉన్న భవనం ఒక్కటైనా తప్పనిసరా? అవునైతే, మూడింటికీ ఉండాలా?' జవాబు సవరణ ప్రకటనగా అందరికీ వెళ్లాలి, ఒక్కరికే ఫోనులో చెబితే మిగతావాళ్లకు అది లేనట్టే. బిడ్లు తెరిచాక మాత్రం ఈ దారి మూసుకుపోతుంది. అప్పుడు ఏ అర్థం తీసుకున్నా ఎవరో ఒకరికి మేలు, ఇంకొకరికి నష్టం, కోర్టులో కాగితాలు.