పొడి చెయ్యి, కొరియా మెడ

నవలలకి సమీక్షలు రాస్తారు, సినిమాలకి రాస్తారు, ఆఖరికి వంటల పుస్తకాలకీ రాస్తారు. బట్టల కేటలాగుకి మాత్రం ఎవరూ రాయరు. అదేం సాహిత్యమా అని చప్పరించేస్తారు. నన్నడిగితే అంత కష్టమైన రచన ఇంకోటి లేదండీ. బట్టని ముట్టి చూసే వీలు లేని మనిషికి, ఆ స్పర్శనీ ఆ కుట్టునీ నాలుగు మాటల్లో అందించాలి. కవి పొరబడితే మనకి వచ్చే నష్టమేమీ లేదు. కేటలాగు రాసినవాడు పొరబడితే గుడ్డ పాడవుతుంది.

మా ఆడపడుచు కూతురు మిలాన్ నుంచి వస్తూ ఒక ఫ్యాషన్ కేటలాగు తెచ్చింది. ఒక పక్క ఇటాలియను, ఇంకో పక్క దాని ఇంగ్లీషు అనువాదం. బొమ్మలు కళ్ళు చెదిరేలా ఉన్నాయి. ఒక కోటు కింద ఉన్న ఇంగ్లీషుని ఉన్నదున్నట్టు తెలుగులో చెబితే ఇలా ఉంటుంది: తాజా ఉన్ని తల, కాన్వాసు కవచం, కొరియా మెడ, పొడి చెయ్యి. ఇది కోటా, భేతాళ కథలో శవమా?

మా పిల్ల ఇటాలియను చదివి అర్థం చెబుతుంటే ఒక్కొక్క ముడీ విడిపోయింది. ఇటాలియనులో 'కాపో' అంటే తలా అవుతుంది, ఒక వస్త్రమూ అవుతుంది. 'అర్మతూరా' అంటే కవచమూ అవుతుంది, నేత రకమూ అవుతుంది. 'కోల్లో' అంటే మెడ, కాలరు రెండూను. అనువాదకుడు నిఘంటువు తెరిచి మొదట కనబడిన అర్థం తీసుకుని చక్కా పోయాడు.

తలా, కవచమూ నవ్వుకోవడానికి పనికొస్తాయి గనక ఎవరూ మోసపోరు. మోసమంతా సబబుగా కనబడే మాటల్లో ఉంటుంది. ఆ 'కాన్వాసు' చూడండి. ఇటాలియనులో ఉన్న మాట 'తేలా'. నేత సంగతి చెప్పేటప్పుడు దాని అర్థం సాదా నేత. పేక పోగు ఒక పడుగు పోగు మీద నుంచి, తరవాతి దాని కింద నుంచి వెళ్ళే నేత. మా పేరాలలో మగ్గం ఉన్న ఇంట పుట్టిన పిల్లకి ఎవరూ నేర్పకుండానే ఇది తెలుసు. పల్చని మల్లు గుడ్డా సాదా నేతే, గుడారం గుడ్డా సాదా నేతే. ఇంగ్లీషులో కాన్వాసు అనేసరికి గుడారమే మిగిలింది. ఎండాకాలానికని నేసిన తేలిక కోటుని చదివేవాళ్ళు బరువనుకుని పేజీ తిప్పేస్తారు.

'తాజా ఉన్ని' మరీ అన్యాయం. 'ఫ్రెస్కో ది లానా' అన్నది ఒక గుడ్డ పేరు. ఫ్రెస్కో అంటే తాజా అనీ, చల్లన అనీ రెండర్థాలు. ఇక్కడ కావలసింది చల్లన. ఉన్ని నూలుకి పురి బాగా ఎక్కించి, సాదాగా, పోగుకీ పోగుకీ మధ్య గాలి ఆడేలా నేస్తారు. పురి ఎక్కువ కాబట్టి పోగు మీద నూగు లేవదు, ఒంటికి అంటుకోదు. దాన్ని గుర్తుపట్టడం కష్టమేమీ కాదు. వెలుతురుకి ఎత్తి పట్టుకుంటే సన్నని కంతల్లోంచి కాంతి కనబడుతుంది. గుప్పిట్లో నలిపి వదిలితే ముడతలు తేరుకుంటాయి. చేతికి మెత్తగా కాక కాస్త గరగరగా తగులుతుంది. ఆ 'పొడి చెయ్యి' అదేనండీ! 'మానో' అంటే చెయ్యే, కానీ గుడ్డల వ్యాపారంలో బట్ట చేతికి తగిలే తీరు. ఇంగ్లీషు గుడ్డల వ్యాపారులూ అలాగే అంటారు గనక, నాలుగింటిలో ఈ ఒక్కటీ వాడు తప్పు రాయలేదు.

కొరియా మెడ గురించి పోట్లాడను. మడత లేకుండా మెడ చుట్టూ నిలబడే పట్టీ కాలరు అది. ఇటలీవాళ్ళు దాన్ని కొరియాకి కట్టబెట్టారు, ఇంగ్లీషువాళ్ళు చైనా మాండరిన్లకి ఇచ్చారు, మన దర్జీలు చైనీస్ కాలరు అంటారు. ఎవరి ఊహ వాళ్ళది. కానీ అనువాదమంటే అవతలివాళ్ళు పిలిచే పేరు పెట్టడం. అదే పుస్తకంలో 'పడవ మెడ' అన్నది చక్కగా 'బోట్ నెక్' అయింది. ఆ పోలిక రెండు భాషల్లోనూ ఒకటే కావడం వాడి అదృష్టం.

ఇక అసలు చిక్కు. మా వీధిలో కుట్టుపని చేసే అమ్మాయి అదే కేటలాగులో ఒక గళ్ళ స్కర్టు చూసి, పేరాల నేత గుడ్డ మీద అలాంటిది కుట్టడానికి ఒప్పుకుంది. "పిన్నిగారూ, స్లాంటింగ్ కట్ అని రాశాడు. కింద అంచు ఏటవాలుగా కత్తిరించమనా అండీ?" అంది. ఇటాలియను వైపు 'ఇన్ జ్బియేకో' అని ఉంది. అంటే అంచు ఏటవాలు కాదు. గుడ్డనే పడుగుకీ పేకకీ మధ్యన, 45 డిగ్రీల వాలులో పెట్టి కత్తిరించడం. మన జాకెట్ల భాషలో క్రాసు కటింగు! పారిస్‌లో మదలేన్ వియొనే 1920లలో పేరు తెచ్చుకున్నది ఈ కోతతోనే. పడుగు వెంట లాగితే సాగని గుడ్డ, మూలకి లాగితే సాగుతుంది. అందుకే క్రాసు స్కర్టు నడుముని పట్టుకుని, కిందికి నీళ్ళలా జారుతుంది.

ఈ ఒక్క మాటతో లెక్కంతా మారిపోయింది. 30 అంగుళాల పొడుగు, 15 అంగుళాల వెడల్పు పలకలు నాలుగు కావాలనుకోండి. 46 అంగుళాల పన్నా గుడ్డలో నిలువుగా వేస్తే వరసకి మూడు పడతాయి, రెండు వరసలకి 60 అంగుళాల గుడ్డ చాలు. క్రాసులో వేస్తే మొదటి పలకే దాదాపు 32 అంగుళాలు తినేస్తుంది, ఆ తరవాత ఒక్కోటి 21 పైచిలుకు. మొత్తం సుమారు 96 అంగుళాలు. అంచు ఏటవాలనుకుని 60 అంగుళాలు తెచ్చుంటే గతేమిటి? పైగా క్రాసు స్కర్టుని కుట్టాక ఒక రోజు వేలాడదీసి, అది సాగినంత సాగాకే కింద అంచు సరిచేయాలి. లేకపోతే నాలుగు రోజులకి ఒక పక్క దిగిపోతుంది.

తమాషా ఏమిటంటే, అనువాదం దాచిన నిజాన్ని బొమ్మ చెబుతూనే ఉంది. నిలువు కోతలో గళ్ళు గళ్ళలాగే ఉంటాయి. క్రాసులో అవి వజ్రాల్లా మూల మీద నిలబడతాయి. ఈసారి గళ్ళ బట్ట కేటలాగు చూస్తే రాత కంటే ముందు గళ్ళు చూడండి.

ఆ గళ్ళ గుడ్డ పేరు రెండు భాషల్లోనూ 'మద్రాస్'. చీరాల, పేరాల చుట్టుపక్కల మగ్గాల మీద రియల్ మద్రాస్ హ్యాండ్‌కర్చీఫ్ అనే గళ్ళ గుడ్డ నేసి పడమటి ఆఫ్రికాకి పంపేవారు. అక్కడి ఆడవాళ్ళు దాన్ని నడుముకి చుట్టుకునేవారు. చేతిరుమాలూ కాదు, మద్రాసులో నేసిందీ కాదు! వ్యాపారి రేవు పేరు మిగిలింది, నేసిన ఊరి పేరు పోయింది. కనక మాట తప్పిందని ఇటలీవాణ్ణి ఒక్కణ్ణే ఆడిపోసుకోను.

నా తీర్పు ఇదీ: ఈ అనువాదకుడికి ఇంగ్లీషు వచ్చు, ఇటాలియనూ వచ్చు, గుడ్డ రాదు. ఒక్కరోజు మగ్గం పక్కన, ఇంకోరోజు దర్జీ బల్ల పక్కన కూర్చుని ఉంటే కవచమూ, తలా, తాజా ఉన్నీ వాటంతటవే పోయేవి.