ఎత్తి చూపని ఎముక

పస్కా విందుకు ఆధారం నిర్గమకాండం పన్నెండో అధ్యాయం. కానీ ఆ రాత్రి యూదుల ఇళ్లలో బల్ల మీద తెరిచి ఉండేది హగ్గాదా అనే వేరే పుస్తకం. రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని చదివితే ఇవి ఒకే భోజనం గురించి చెబుతున్నాయా అని అనుమానం వస్తుంది.

నిర్గమకాండంలో తినేవాళ్లు నడుం బిగించి, చెప్పులు తొడుక్కుని, కర్ర చేతపట్టుకుని ఉంటారు. నిప్పు మీద కాల్చిన గొర్రెపిల్లనో మేకపిల్లనో పొంగని రొట్టెతో, చేదు కూరలతో త్వరత్వరగా తినాలి. తెల్లారేసరికి మిగిలింది కాల్చేయాలి. హగ్గాదా బల్ల దగ్గర తొందరన్నదే లేదు. నాలుగుసార్లు ద్రాక్షారసం తాగుతారు. రోమన్ల కాలంలో స్వతంత్రులు విందు చేసిన తీరులో ఎడమ పక్కకు దిండు మీద ఒరుగుతారు. పిల్లలు అడుగుతుంటే పెద్దలు చెబుతుంటారు. అసలు భోజనం వచ్చేసరికి చాలా పొద్దుపోతుంది.

ఈ తేడా ఎక్కడ మొదలైందో చూపించే చిన్న సాక్ష్యం పిల్లల ప్రశ్నల్లో దాగి ఉంది. క్రీ.శ. 200 ప్రాంతంలో కూర్చిన మిష్నాలో, ఈ రాత్రి కాల్చిన మాంసమే ఎందుకు తింటున్నామన్న ప్రశ్న ఉంది. నేటి హగ్గాదాలో అది కనిపించదు. ఈ రాత్రి అందరం ఎందుకు ఒరిగి కూర్చున్నామన్న ప్రశ్న ఇప్పుడు ఆ వరసలో ఉంది. బలి యెరూషలేము ఆలయంలోనే జరగాలి. క్రీ.శ. 70లో రోమన్లు ఆలయాన్ని కూల్చాక గొర్రెపిల్ల పోయింది, దానితోపాటే దాని గురించిన ప్రశ్నా పోయింది.

పాత పద్ధతి ఇంకా బతికే ఉంది. సమరయులు యెరూషలేమును కాక గెరిజీము కొండను పవిత్ర స్థలంగా నమ్ముతారు. మిష్నాను ఒప్పుకోరు. ఏటా ఆ కొండ మీద పొద్దుగూకే వేళ గొర్రెలను కోసి, నేలలో తవ్విన గోతుల్లో కాల్చి, రాత్రి తొందరగా తింటారు. అక్షరానికి కట్టుబడటమే కొలమానమైతే వాళ్లదే పైచేయి. అయినా నా మొగ్గు హగ్గాదా వైపే. అందులో జరిగిన సాహిత్యపరమైన ఎంపికలు నన్ను అంతగా కట్టిపడేస్తాయి.

వాటిలో అన్నిటికన్నా సాహసమైనది కథకు తీసుకున్న పాఠం. విడుదల కథ చెప్పడానికి నిర్గమకాండం చేతిలోనే ఉంది. పొదలో మంట, ఫరో సభ, చీలిన సముద్రం అన్నీ అందులో ఉన్నాయి. హగ్గాదా వాటిని వరసగా చెప్పకుండా ద్వితీయోపదేశకాండం ఇరవయ్యారో అధ్యాయంలోని నాలుగు వచనాలను వెన్నెముకగా పెట్టుకుంది. అవి ఒక రైతు తొలిపంటను బుట్టలో తెచ్చి యాజకుడి ముందు చెప్పే మాటలు. ఐగుప్తును కళ్లతో చూడని ఆ రైతు మమ్మల్ని బాధపెట్టారు, మేము మొరపెట్టాము అంటాడు. హగ్గాదాకు కావలసింది ఆ ‘మేము’. నిర్గమకాండం జరిగిందాన్ని మనకు చూపిస్తే, ఈ నాలుగు వచనాలు చదివేవాడి నోట పలికిస్తాయి. ఆ తర్వాతి వచనం దేవుడు మమ్మల్ని ఈ దేశానికి తెచ్చాడంటుంది. హగ్గాదా వివరణ దాని ముందే ఆగిపోతుంది. మోషే కూడా కథానాయకుడుగా కనబడడు. ఉదహరించిన ఒక వచనంలో అతని పేరు దొర్లిపోతుందంతే. విడిపించినవాడు దేవుడొక్కడే అని చెప్పడానికి ఇంత మౌనం పాటించారు.

రొట్టె విషయంలో ఇంకో రకం నేర్పు. పొంగని రొట్టె ఎందుకంటే, పిండి పులిసేదాకా ఆగే వ్యవధి లేక అంటుంది నిర్గమకాండం. అంటే అది విడుదల రొట్టె. హగ్గాదా మొదట్లోనే ఆ రొట్టెను చూపించి, మన పెద్దలు ఐగుప్తులో తిన్న దైన్యపు రొట్టె ఇదేనంటుంది, ఆకలిగొన్నవాళ్లను తినడానికి రమ్మంటుంది. కొంతసేపయ్యాక తొందరలో కాల్చిన రొట్టె అన్న రెండో అర్థమూ చెబుతుంది. రెంటికీ పొత్తు కుదర్చాలని చూడదు. మూడు రొట్టెల్లో నడిమిదాన్ని మొదట్లోనే విరిచి, పెద్ద ముక్కను దాచిపెడతారు. పిల్లలు వెతికి తెస్తే గొర్రెపిల్లకు గుర్తుగా అన్నిటికన్నా చివర దాన్ని తింటారు. ఆపైన మరేమీ తినరు. లేని మాంసం రుచికి బదులు ఆ ఎండు రొట్టె రుచే నోట్లో ఉండిపోవాలి.

పళ్లెంలో కాల్చిన ఎముక ఒకటి ఉంటుంది, బలికి గుర్తుగా. పస్కా, పొంగని రొట్టె, చేదు కూర — ఈ మూడింటి అర్థం చెప్పకపోతే ఆ రాత్రి విధి తీరదని రబ్బాన్ గమలీయేలు నియమం. ఇది మనం తినే రొట్టె అన్నప్పుడు రొట్టెను పైకెత్తి చూపిస్తారు. చేదు కూర అన్నప్పుడు ఆ కూరనూ ఎత్తుతారు. పస్కా బలి దగ్గరికి వచ్చేసరికి, ఆలయం ఉన్న రోజుల్లో మన పెద్దలు తిన్నది అని చెప్పి ఎముక వైపు చూస్తారు. దాన్ని మాత్రం చేత్తో ఎత్తరు, నిజంగా బలి అర్పించినట్టు కనబడకూడదని.