అడుగు, చప్పుడు

సెకనుకు 24 ఫ్రేముల్లో చేసిన నడకను 60 ఫ్రేముల గేమ్‌లోకి దించే యానిమేటర్ పనితనం నాకు అబ్బురం. ఒక్కో పాత ఫ్రేముకు రెండున్నర కొత్తవి కావాలి. ఒక భంగిమను రెండు, మరోదాన్ని మూడు ఫ్రేములు నిలబెడితే నడక కుదుపుగా కనిపిస్తుంది. అందుకే చేయి తిరిగినవాళ్లు ఫ్రేములను సాగదీయరు. కీలను సెకన్లలోకి మార్చి, ప్రతి కొత్త ఫ్రేముకూ వక్రరేఖ మీద భంగిమను లెక్కిస్తారు. కనురెప్ప మూత లాంటి ఉన్నపళంగా మారే కీలను మాత్రం నునుపు చేయరు.

రెండడుగుల నడక 22 ఫ్రేములనుకుందాం. 0 నుంచి 22 దాకా 23 కీలున్నా, మధ్య ఖాళీలు 22; కొత్త నిడివి సరిగ్గా 55. కీలను లెక్కపెట్టినవాడు చుట్టు తిరిగినప్పుడల్లా తడబడతాడు.

ఇక అడుగు చప్పుడు. ఒక్కో అడుగుకు 27.5 ఫ్రేములు. ముందరి అడుగు నుంచి లెక్కిస్తూ ప్రతిసారీ 28కి సవరిస్తే, పదో అడుగుకు చప్పుడు 5 ఫ్రేములు వెనకబడుతుంది, చెవి పసిగడుతుంది. నేర్పరి చప్పుడును క్లిప్ మొదలు నుంచి సెకన్లలోనే రాసి ఉంచుతాడు. గడియారం ఆ క్షణాన్ని దాటిన ఫ్రేములో అది మోగుతుంది. ఆలస్యం ఎప్పుడూ ఒక్క ఫ్రేముకు మించదు.