నాలుగు పాదాల్లో ఇంటి గుట్టు

గురజాడ కథాగేయాల్లో ఏది గొప్పదన్న మాట వస్తే కొందరు ‘కన్యక’ అంటారు. నా ఓటు ‘పూర్ణమ్మ’కే. ఇందులో నేను నిష్పక్షపాతిని కాను, ముందే ఒప్పుకుంటున్నాను.

చాలామంది దీన్నీ ముత్యాల సరమే అనుకుంటారు. ముత్యాల సరం మూడు, నాలుగు మాత్రలు మార్చి మార్చి నడుస్తుంది. పూర్ణమ్మది నాలుగేసి మాత్రల నడక, రోకటిపోటులా సమంగా పడుతుంది. పాదానికి నాలుగు అడుగులు వేసి, చాలా చరణాల్లో రెండో పాదంలోనూ, చివరికి నాలుగో పాదంలోనూ కాస్త ముందుగానే ఆగుతుంది. ఆ చివరి పాదం కురచదనంలోనే ఉంది కిటుకంతా. వినేవాడికి ఊపిరి అందేది అక్కడే, కవి మరో రోజుకో మరో గదికో దూకేది కూడా అక్కడే.

మాటలతో చెబితే తెలియదు. ఇంట్లో పాడి ఆవును కొడుకు చదువు కోసం అమ్మేశారు అనుకుందాం. కవిత్వం కోసం కాదు, నడక చూపడానికి నేనే అల్లాను:

పొద్దున చీకటి విడువక మునుపే
సీతమ చెంబుతొ పాకకు నడిచెను
గుంజకు తాడే మిగిలిన దమ్మా
చెంబును బోర్లా పెట్టింది

మొదటి మూడు పాదాలూ పదహారేసి మాత్రలు, చివరిది పదమూడే. ఆవు రంగు, అప్పు లెక్క, సీతమ్మ కన్నీళ్లు ఇందులో లేవు. అవన్నీ పెడితే కథ పాకలోనే కూలబడుతుంది. తర్వాతి చరణం నేరుగా కాలేజీ గుమ్మంలో మొదలవ్వచ్చు. ఎప్పుడో చివర ఆ బోర్లించిన చెంబు మళ్లీ కనిపిస్తే చాలు, కథంతా గుర్తుకొస్తుంది.

ఈ పనిలో మహానుభావుడు గురజాడే. దుర్గను పూలతో కొలవడం మొదట్లో పూర్ణమ్మకు రోజువారీ ముచ్చట. తల్లిదండ్రులు డబ్బాశతో ముసలి మొగుడికి కట్టబెట్టాక, అత్తవారింటికి ప్రయాణమయ్యే రోజున అదే కొలుపుకు ఒంటరిగా వెళుతుంది. పని అదే, అర్థం తలకిందులైంది. సాయంత్రం పశువులు మందకు చేరతాయి, పిట్టలు చెట్లకు చేరతాయి, పూర్ణమ్మ మాత్రం ఇంటికి రాదు. నీళ్లలో దూకిందన్న మాటే లేదు! చివరి చరణంలో కంటి వెలుగు కలువలకు, నడక హంసలకు పంచేసి, ఆమెను దుర్గ దగ్గరికి చేర్చేస్తాడు. ఆ ఒక్క చరణం ముందు ఎన్ని శోకాలు నిలుస్తాయి?

ఇప్పుడు వచనాన్ని నాలుగు ముక్కలు విరిచి, చివర ప్రాసలు అతికించి ‘కథాగేయం’ అని అచ్చేస్తున్నారు. నాలుగో పాదంలో నీతి. మళ్లీ నాలుగో పాదంలో నీతి! వార్షికోత్సవాల్లోనైతే పూర్ణమ్మకే ఏడుపు సంగీతం తగిలించి, ఒక్కో చరణాన్ని రబ్బరులా సాగదీస్తారు. వేగం చచ్చాక అక్కడ మిగిలేది చీర, జడ.

రాసేవాళ్లకు ఒక్క మనవి. అచ్చుకు పంపేముందు ఇంట్లో పిల్లలకు పైకి చదివి వినిపించండి. నాలుగో పాదం దగ్గర ఆగి చూడండి. “తర్వాత?” అని వాళ్లు అడగకపోతే, ఆ చరణం కొట్టేయండి.