గరిటెల లెక్కలో క్రియాటిన్

హనుమకొండ దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీ హాస్టల్లో రెండో సంవత్సరం చదువుతున్న కుర్రాడు హైదరాబాద్‌లోని ఒక డైటీషియన్‌కు ఉత్తరం రాశాడు. అడగదలుచుకున్నది చివరి వాక్యంలో ఉంది: "మేడమ్, మా జిమ్‌లో చాలామంది క్రియాటిన్ వాడుతున్నారు. నా ప్లాన్‌లో అది పెట్టుకోవచ్చా?" దానికి ముందున్న రెండు పేజీలూ మెస్ భోజనం గురించే. ఆమె జవాబు మొదలైంది ఆ రెండు పేజీల దగ్గరే.

ఏం తింటావని అడిగితే చాలామంది మెస్ గోడ మీది మెనూ ఒప్పజెబుతారు. అన్నం, పప్పు, కూర, సాంబారు, పెరుగు. అందులో ప్లేట్లోకి వచ్చిందెంత, కడుపులోకి పోయిందెంత అన్నది తెలియదు. ఈ అబ్బాయి అలా రాయలేదు. పప్పు ఒక గరిటె, అదీ పలుచన. ఆలస్యంగా వెళితే గిన్నె అడుగున కాస్త చిక్కగా దొరుకుతుంది. పెరుగు చిన్న కప్పు. రాత్రి ఉడకబెట్టిన గుడ్డు ఒకటి. బుధ, ఆదివారాల్లో చికెన్, టోకెన్‌కు మూడు నాలుగు ముక్కలు. పొద్దున నాలుగు ఇడ్లీలు, కానీ ఎనిమిదింటికి ల్యాబ్ ఉన్న రోజున నిద్రలేచేసరికే వేళ మించిపోతుంది. ఆ చివరి వివరం రాయడానికి నిజాయితీ కావాలి. డైటీషియన్ దాని కింద పెన్సిల్‌తో గీత గీశారు.

కుర్రాడి వయసు 20, బరువు 62 కిలోలు, వారానికి నాలుగు రోజులు జిమ్. ఆమె మామూలు రోజు ప్రోటీన్‌ను ఇలా లెక్కకట్టారు. ఇడ్లీ, సాంబారు కలిపి 10 గ్రాములు. మధ్యాహ్నం అన్నం, పలుచని పప్పు, పెరుగు కలిపి 17. సాయంత్రం టీ, బిస్కెట్లతో 2. రాత్రి అన్నం, సాంబారు, గుడ్డు, మజ్జిగతో 18. మొత్తం 47. గరిటె కొలత కాబట్టి నాలుగైదు గ్రాములు అటూ ఇటూ కావచ్చు. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ సూచన ప్రకారం పెద్దవాళ్లకు కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రోటీన్ కావాలి. ఈ అబ్బాయి బరువుకు అది 51 గ్రాములు. బరువులు ఎత్తనివాడికి సరిపోయే ఆ అంకె దగ్గరే అతను ఆగిపోతున్నాడు. ఇడ్లీలు తప్పిన రోజున 37కి పడిపోతున్నాడు. కండ పెంచుకోవాలనుకుంటే కిలోకు 1.4 నుంచి 1.6 గ్రాములైనా అందాలి, అంటే 87కు తగ్గకూడదు.

మెస్ వంటవాళ్లను మార్చమని ఆమె చెప్పలేదు. చేతిలో ఉన్నవాటితోనే లెక్క నింపారు. "మధ్యాహ్నం పప్పు రెండో గరిటె అడుగు, బాబూ, గిన్నె కలిపి వెయ్యమను" అని రాశారు. దానితో 5 గ్రాములు. అర లీటరు పాల ప్యాకెట్ రోజూ కొనుక్కుంటే 16. గదిలో కేటిల్ ఉందని రాశాడు కాబట్టి మరో రెండు గుడ్లు ఉడకబెట్టుకుంటే 12. గుప్పెడు వేయించిన పల్లీలు, అంటే 30 గ్రాములకు 7. అన్నీ కలిస్తే 87. గుడ్లు దొరకని రోజున 30 గ్రాముల సోయా చంక్స్ నానబెట్టి ఉడికించుకోవచ్చు, వాటితో 15 గ్రాములు వస్తుంది. ల్యాబ్ ఉన్న రోజుకు రాత్రే ఉడకబెట్టిన గుడ్లు, పాలు పొద్దుటి ఆసరా.

ఇక క్రియాటిన్. దీన్ని ప్రోటీన్ పొడికి చుట్టంలా చూసే పొరపాటు జిమ్‌లలో విరివిగా కనిపిస్తుంది. క్రియాటిన్ కండను కట్టే పదార్థం కాదు. బరువు ఒక్కసారిగా ఎత్తే ఆ కొన్ని సెకన్లలో కండరానికి శక్తిని తిరిగి అందించే నిల్వ అది. నిల్వ నిండుగా ఉంటే ఎనిమిదో రెప్ దగ్గర ఆగిపోయే చేయి తొమ్మిదో పదో రెప్ లాగుతుంది. అలా నెలల తరబడి అదనంగా చేసిన పనే కండగా మారాలి, ఆ మారడానికి సరుకు మళ్లీ ప్రోటీనే. 47 గ్రాముల భోజనం మీద క్రియాటిన్ వేసుకుంటే ఎక్కువ పని చేస్తాడు, కట్టుకోవడానికి సరుకు ఉండదు. ముందు తిండి సరిచేయమని ఆమె అన్నది ఇందుకే.

అయితే ఉత్తరంలో ఈ ప్రశ్నకు అనుకూలమైన సాక్ష్యమూ ఉంది. కుర్రాడు తనను మాంసాహారి అని రాసుకున్నాడు. క్రియాటిన్ లెక్కలో మాత్రం అతను దాదాపు శాకాహారే. కిలో పచ్చి మాంసంలోనో చేపలోనో అది 4 నుంచి 5 గ్రాములు ఉంటుంది. పాలల్లో బహు స్వల్పం, పప్పుల్లో అసలు లేదు. మెస్ టోకెన్‌కు వచ్చే ముక్కల్లో ఎముక తీసేస్తే మిగిలే మాంసం పచ్చిదిగా లెక్కేస్తే 100 గ్రాములు. వారంలో రెండు పూటలకు కలిపి క్రియాటిన్ ఒక గ్రాముకు మించదు. శరీరం సొంతంగా రోజుకు ఒక గ్రాము వరకు తయారు చేసుకుంటుంది కాబట్టి లోటు జబ్బు కాదు. కానీ కండరంలో నిల్వ తక్కువగా ఉన్నవాళ్లకే పొడితో తేడా ఎక్కువగా తెలుస్తుంది. రోజూ చేపో మాంసమో తినే స్నేహితుడికి అంతగా పనిచేయనిది ఈ అబ్బాయికి పనిచేయవచ్చు.

అందుకే ఆమె జవాబు "పెట్టుకోవచ్చు, నాలుగు వారాలు ఈ భోజనం నిలబెట్టుకున్నాక" అని. మొదటి వారం రోజుకు 20 గ్రాముల 'లోడింగ్' అక్కర్లేదని రాశారు. దాంతో నిల్వ వారంలో నిండే మాట నిజమే కానీ, కొందరికి కడుపు ఉబ్బరం, విరేచనాలు పట్టుకోవచ్చు. రోజుకు 3 గ్రాములు వేసుకుంటే నాలుగు వారాల్లో అదే స్థాయికి చేరుతుంది. ఏ వేళైనా ఫర్వాలేదు. గోరువెచ్చని నీళ్లలో కలిపి వెంటనే తాగేయాలి, సీసాలో కలిపి రోజంతా ఉంచుకుంటే అది కొద్దికొద్దిగా పనికిరాని క్రియాటినిన్‌గా మారుతుంది. డబ్బా మీద క్రియాటిన్ మోనోహైడ్రేట్ ఒక్కటే ఉండాలి, ఎఫ్‌ఎస్‌ఎస్‌ఎఐ లైసెన్సు నంబరు ఉండాలి. కెఫీన్, ఇంకేవేవో కలిపిన ప్రీ-వర్కౌట్ పొడులు వద్దు.

మొదటి రెండు వారాల్లో బరువు కిలో వరకు పెరగవచ్చు. అది కండరంలోకి చేరిన నీరు, కండ కాదు, కొవ్వూ కాదు. పనిచేస్తోందో లేదో తెలుసుకోవాలంటే తూకం మీద కాదు, నోటు పుస్తకం మీద ఆధారపడమని చెప్పారు. బెంచ్ ప్రెస్‌లో అదే బరువుకు రెప్స్ ఎన్ని పెరిగాయో ప్రతి వారం రాసుకోవాలి. రెండు నెలల తర్వాత కూడా ఆ అంకె కదలకపోతే పొడి ఆపేయవచ్చు.

ఒక్క విషయంలో ఆమె గట్టిగా మాట్లాడారు. కిడ్నీ జబ్బు ఉన్నా, ఇంట్లో ఎవరికైనా ఉన్నా, నొప్పి మాత్రలు తరచూ మింగే అలవాటు ఉన్నా డాక్టర్‌ను అడగకుండా మొదలుపెట్టకూడదు. మొదలుపెట్టేముందు సీరం క్రియాటినిన్ పరీక్ష ఒకటి చేయించుకుని ఆ కాగితం దాచుకోవాలి. క్రియాటిన్ వాడుతున్నవాళ్ల రక్తంలో క్రియాటినిన్ అంకె కొంచెం పెరుగుతుంది, కిడ్నీ బాగున్నా సరే. ఎందుకంటే మొదటిదే విరిగి రెండోది అవుతుంది. రేపు ఉద్యోగానికి మెడికల్ పరీక్ష చేసినప్పుడు ఆ అంకె చూసి కిడ్నీ దెబ్బతిందని భయపెట్టే అవకాశం ఉంది. అప్పుడు పొడి సంగతి దాచకుండా డాక్టర్‌కు చెప్పాలి. అనుమానం తీరకపోతే సిస్టాటిన్-సి అనే మరో పరీక్ష అడగాలి, దాని మీద క్రియాటిన్ ప్రభావం ఉండదు. జవాబు చివర ఆమె అతన్ని అడిగింది రెండే: ఆ రిపోర్టు ఫొటో పంపమని, ల్యాబ్ ఉన్న రోజున ఏం తిన్నాడో నాలుగు వారాలు విడిగా రాసి పంపమని.