బిట్ల వరసలు చేసే వడపోత

అద్దె ఇళ్ల పట్టికలో లిఫ్టు ఉండాలి, పార్కింగ్ ఉండాలి, బ్రోకర్ వద్దు అని అడుగుతాం. ఒక్కో వరసనూ తెరిచి చూడకుండా జవాబు చెప్పే బిట్‌మ్యాప్ ఇండెక్స్ పనితనం నాకెంతో ఇష్టం. ప్రతి లక్షణానికీ ఒక బిట్ల వరస ఉంటుంది: ఉంటే 1, లేకపోతే 0. ఎనిమిది ఇళ్లతో చూద్దాం.

```
లిఫ్టు        10110110
పార్కింగ్      11010111
NOT బ్రోకర్    11101101
AND          10000100
```

మొదటి ఇల్లు, ఆరో ఇల్లు. అంతే! పది లక్షల ఇళ్లున్నా ఒక్కో లక్షణానికి పట్టేది 1,25,000 బైట్లే. ప్రాసెసర్ ఒక్క AND తో 64 ఇళ్లను తేల్చేస్తుంది కాబట్టి రెండు వరసలను కలపడానికి 15,625 సార్లు చేస్తే చాలు. ఎన్ని దొరికాయో కావాలంటే 1లు లెక్కపెడితే సరిపోతుంది, పట్టిక ముట్టుకోనక్కర్లేదు.

NOT దగ్గర మాత్రం జాగ్రత్త. బ్రోకర్ గడి ఖాళీగా ఉన్న ఇల్లు, తొలగించిన ఇల్లు కూడా అక్కడ 1 అయిపోతాయి. జవాబులో ఇళ్లు అనుమానంగా పెరిగితే ముందు అదే చూడాలి. విలువ నిజంగా ఉన్న వరసలను గుర్తించే మరో బిట్‌మ్యాప్‌తో AND చేస్తే సరి.

ఫోన్ నంబరులా ప్రతి వరసకూ వేరే విలువ ఉండే చోట దీన్ని వాడకండి. అక్కడ బీ-ట్రీయే మేలు.