ఏడు అడ్డగీతలు, ఒక డైమండ్

వైద్య పరిశోధనల సమీక్ష ఏది చేతికొచ్చినా నేను ముందుగా వెతికేది అందులోని ఫారెస్ట్ ప్లాట్. మధ్యలో ఒక నిలువుగీత ఉంటుంది. దానికి అటూ ఇటూ ఒకదాని కింద ఒకటిగా అడ్డగీతలు, ఒక్కో గీత మీద ఒక్కో చతురస్రం, అన్నిటికీ అడుగున ఒక డైమండ్. దీన్ని చదవడం పీజీ విద్యార్థులకు చెప్పేటప్పుడు నేను తీసుకునే ఉదాహరణ ఎప్పుడూ ఒకటే. కాక్రేన్ సంస్థ తన లోగోగా పెట్టుకున్న బొమ్మ అది.

ఆ బొమ్మ వెనుక ఉన్నది నెలలు నిండకుండా పుట్టే పిల్లల కథ. అలాంటి బిడ్డకు మొదటి గండం ఊపిరితిత్తులది. అవి ఇంకా తయారై ఉండవు, గాలికి సరిగా తెరుచుకోవు. న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్‌లో లిగిన్స్ అనే డాక్టరు గొర్రెల మీద పరిశోధన చేస్తూ, స్టెరాయిడ్ అందిన గొర్రెపిల్లలు నెలలు తక్కువై పుట్టినా ఊపిరి పీల్చుకోవడం గమనించారు. హోవీ అనే మరో డాక్టరుతో కలిసి, ముందే నొప్పులు మొదలైన తల్లులకు అలాంటి ఇంజెక్షనే ఇచ్చి చూశారు. 1972లో ఫలితాలు అచ్చయ్యాయి. అనుకోకుండా ముందే కాన్పు వచ్చిన తల్లుల బిడ్డల్లో, మొదటి వారం మరణాలు మందు ఇవ్వనిచోట నూటికి 15, ఇచ్చినచోట 3.2.

తర్వాత పదేళ్లలోపు ఇలాంటి ప్రయోగాలు మొత్తం ఏడు జరిగాయి. లోగోలోని ఏడు అడ్డగీతలూ అవే. వాటిలో రెండు మాత్రమే నిలువుగీతకు పూర్తిగా ఎడమవైపు ఉన్నాయి. మిగతా ఐదూ దాన్ని తాకుతున్నాయి, దాటుతున్నాయి. ఇక్కడికి రాగానే క్లాసులో ఎవరో ఒకరు అడుగుతారు: “సార్, ఏడింటిలో ఐదు ఫెయిలైనట్టే కదా?”

కాదు. ఈ బొమ్మ చదవడంలో కీలకమంతా ఆ “కాదు”లోనే ఉంది.

నిలువుగీత దగ్గర 1 అని రాసి ఉంటుంది. మందు ఇచ్చినవారిలో మరణాల శాతాన్ని ఇవ్వనివారిలోని శాతంతో భాగిస్తే వచ్చేది రిస్క్ రేషియో. రెండూ సమానమైతే 1. మరణాలు తగ్గితే 1 కన్నా తక్కువ, అంటే గీతకు ఎడమ. చతురస్రం నిలబడ్డ చోటు ఆ ప్రయోగంలో వచ్చిన జవాబు. దాని గుండా పోయే అడ్డగీత ఆ జవాబు మీద ఎంత నమ్మకం పెట్టుకోవచ్చో చెబుతుంది. గీత పొడవుగా ఉంటే అసలు విలువ అక్కడి నుంచి ఇక్కడి దాకా ఎక్కడైనా ఉండొచ్చని అర్థం. కాబట్టి నిలువుగీతను దాటిన అడ్డగీత “మందు పనిచేయదు” అని చెప్పడం లేదు. “నా దగ్గరున్న కొద్దిమందితో ఏదీ తేల్చలేను” అంటోంది. మరణాలు సగానికి తగ్గడం నుంచి కాస్త పెరగడం దాకా అన్నిటికీ ఆ గీతలో చోటుంది. తెలియకపోవడం వేరు, లేదని తెలియడం వేరు.

అందుకే తాకిన గీతలెన్ని, తాకనివెన్ని అని లెక్కపెట్టొద్దంటాను. గీతలు ఎటు వాలుతున్నాయో చూడాలి. విడివిడిగా ఏదీ తేల్చలేని ప్రయోగాలు కూడా చాలావరకు ఒకే వైపు మొగ్గితే, వాటిని కలిపినప్పుడు ఆ మొగ్గుకు బలం వస్తుంది. లోగోలోని డైమండ్ నిలువుగీతను తాకకుండా ఎడమవైపు ఉన్నది అందుకే. ఆ ఏడింటినీ కలిపి చూసే పని మాత్రం 1980ల చివరి దాకా జరగలేదు. అందాకా చాలామంది కాన్పుల డాక్టర్లకు ఈ మందు మీద నమ్మకం కుదరలేదు. ఇవ్వగలిగిన ఇంజెక్షన్ అందక ఎందరో పసివాళ్లు పోయారు. ఆ సంగతి మరిచిపోకూడదనే కాక్రేన్ వాళ్లు ఈ బొమ్మను లోగో చేసుకున్నారు.

ఇక చతురస్రం సైజు. మన కన్ను సహజంగా పొడవాటి గీత మీదికి పోతుంది. కానీ పొడవాటి గీత అంటే అన్నిటికన్నా తక్కువ తేల్చిన ప్రయోగం. ఆ పొరపాటును సరిదిద్దడానికే ఎక్కువ బరువున్న ప్రయోగానికి పెద్ద చతురస్రం గీస్తారు. పెద్ద చతురస్రమంటే మందు ఎక్కువ పనిచేసిందని కాదు. ఆ ప్రయోగం మాట ఎక్కువ చెల్లుతుందని. ఆ బరువు కూడా చేరిన జనాన్ని బట్టి మాత్రమే రాదు. మరణాలను లెక్కించే బొమ్మలో వేలమంది చేరినా మరణాలు నాలుగైదే ఉంటే చతురస్రం చిన్నదే.

2020 నాటి కాక్రేన్ సమీక్షలో ఇదే మందు మీద 27 ప్రయోగాలున్నాయి. పుట్టిన నెలలోపు మరణాలకు వాటిలో 22 లెక్కకు వచ్చాయి. డైమండ్ నడుమ 0.78 దగ్గర, రెండు కొసలు 0.70, 0.87 దగ్గర. అంటే మరణాలు సుమారు ఐదో వంతు తగ్గుతాయి. ఆక్లాండ్ తొలి అంకెలు చూపినంత భారీ తగ్గుదల కాదు, కానీ ఇది గట్టి జవాబు. అందులో పెద్ద చతురస్రాల్లో ఒకటి ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశంతో సహా ఐదు దేశాల్లో చేసిన ప్రయోగానిది. అక్కడ మందు లేనివారిలో నూటికి 23.5 మరణాలు, ఉన్నవారిలో 19.6. రేషియో 0.84. నూరుమంది బిడ్డలకు దాదాపు నలుగురు దక్కారన్నమాట. ఈ నలుగురి లెక్క బొమ్మలో కనిపించదు. పక్కనున్న పట్టికలోంచి మనమే తీసుకోవాలి. మరణాలు నూటికి రెండే ఉండే ఆసుపత్రిలో అదే 0.84 నూటికి ఒక్క బిడ్డను కూడా కాపాడదు.

డైమండ్ గీత దాటలేదని నిశ్చింతగా పేజీ తిప్పేయకూడదు. బొమ్మలో ఎవరు లేరో కూడా అడగాలి. భారత్‌తో సహా ఆరు దేశాల్లో దాదాపు లక్షమంది గర్భిణులతో జరిగిన మరో ప్రయోగం ఫలితాలు 2015లో అచ్చయ్యాయి. ఊళ్లలోనూ చిన్న ఆసుపత్రుల్లోనూ ఈ ఇంజెక్షన్ వాడకాన్ని పెంచి చూశారు. అక్కడ నెలలోపు మరణాలు వాడకం పెంచనిచోట వెయ్యికి 23.9 ఉంటే, పెంచినచోట 27.4 అయ్యాయి, తల్లుల్లో ఇన్ఫెక్షన్ అనుమానాలూ పెరిగాయి. ఇంజెక్షన్ పడిన చాలామందికి నెలలు నిండాకే కాన్పు అయింది. మొత్తం 11 వేల చిల్లర మంది తల్లులున్న కాక్రేన్ బొమ్మలో ఈ ప్రయోగానికి గీత లేదు. ఆ లక్షమందిని మనిషి మనిషిగా కాక ఊళ్లవారీగా గుంపులు చేసి విడదీశారు, అడిగిన ప్రశ్న కూడా వేరు.

రెండు ఫలితాలూ నిజమే. మందు అదే, పరిస్థితులు వేరు. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ ఇంజెక్షన్‌కు షరతులు పెట్టింది: ఎన్నో వారమో కచ్చితంగా తెలియాలి, కాన్పు దగ్గరపడిందని తేలాలి, తల్లికి ఇన్ఫెక్షన్ ఉండకూడదు, పుట్టిన బిడ్డను చూసుకునే ఏర్పాటు ఉండాలి. డైమండ్ చెప్పేది, దాని పైనున్న గీతల్లోని తల్లుల గురించే. మీ ముందున్న తల్లి వాళ్లలాంటిదో కాదో చూడటం చదివేవారి పని. ప్రయోగాల్లో ఎవరిని చేర్చారో చెప్పే పట్టికను ఫారెస్ట్ ప్లాట్ పక్కన తెరిచి పెట్టుకోకుండా మందు చీటీ రాయొద్దని నా విద్యార్థులకు చెబుతాను.